జవాబు నుంచి ప్రశ్నకు: పిల్లల ఇంగ్లీషు పాఠంతో పెద్దవాళ్ళు నేర్చుకోవడం గురించి

పిల్లల పాఠ్యపుస్తకంతో ఇంగ్లీషు నేర్చుకుందామనుకునే తల్లిదండ్రులు దాదాపు అందరూ ఒకే చోట మొదలుపెడతారు. మొదటి పాఠం తెరిచి, తెలియని మాటల కింద గీతలు గీసి, వాటి పక్కన తెలుగు అర్థాలు రాసుకుంటూ పోతారు. పాఠం చివర ఉన్న ప్రశ్నలు పిల్లల హోంవర్కుకే తప్ప తమకు పనికొచ్చేవి కావని వదిలేస్తారు. నేను దీనికి విరుద్ధంగా వాదిస్తున్నాను. తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగి, చిన్న చిన్న వాక్యాల అర్థం తెలిసినా నోరు తెరిచి ఒక ప్రశ్న అడగలేని నాలాంటి వారికి ఆ పుస్తకంలో అన్నిటికంటే విలువైన భాగం పాఠం చివరి ప్రశ్నలే. అయితే వాటిని పిల్లలు వాడినట్టు కాకుండా తలకిందులుగా, అంటే జవాబు నుంచి ప్రశ్నకు వెళ్ళేలా వాడాలి. అది కూడా ఈ రాత్రి హోంవర్కుగా వచ్చిన పాఠంతో కాదు, బడిలో దిద్దడం పూర్తయిన పాత పాఠంతో చెయ్యాలి.

ప్రశ్న అడగడమే ఎందుకు కష్టమో ముందుగా చూడాలి. తెలుగులో ప్రశ్న వెయ్యడానికి వాక్యం కదలనక్కరలేదు. 'పిట్ట చెట్టు కింద దొరికింది' అనే వాక్యంలో 'చెట్టు కింద' తీసేసి అక్కడ 'ఎక్కడ' పెడితే 'పిట్ట ఎక్కడ దొరికింది' అవుతుంది. క్రియ మారదు, మాటల వరుస మారదు. అవునో కాదో తేల్చే ప్రశ్నయితే చివరి మాటను సాగదీసి 'దొరికిందా' అంటే చాలు. ఇంగ్లీషులో ఈ రెండు పనులూ ఇలా జరగవు. ప్రశ్న మాట వాక్యం మొదటికి వెళ్ళాలి, దాని పక్కన 'డిడ్' లాంటి సహాయక క్రియ వచ్చి కూర్చోవాలి, అసలు క్రియ భూతకాల రూపాన్ని వదిలి మూలరూపానికి రావాలి. వాక్యాలు చెప్పడం వచ్చిన మనిషి కూడా అడగడం దగ్గర తడబడటానికి కారణం ఇదే. పైగా బడిలో ఉపాధ్యాయుల దగ్గరైనా, వైద్యుల దగ్గరైనా, ఫోనులో అపరిచితులతోనైనా మనకు ముందుగా అవసరమయ్యేది అడగడమే. ఇంత అవసరమైన విషయానికి కావలసిన అభ్యాసమంతా ప్రతి పాఠం చివరా అచ్చు వేసి ఉంది.

పద్ధతి మాటల్లో చెప్పడం కంటే ఒక పాఠంతో చూపించడం మేలు. మూడో తరగతి స్థాయిలో ఉండే పాఠంలాగా నేనే ఏడు వాక్యాలు రాస్తున్నాను. 'ఎ గర్ల్ ఫౌండ్ ఎ బర్డ్ అండర్ ఎ ట్రీ. ఇట్స్ వింగ్ వాజ్ హర్ట్. షి టుక్ ద బర్డ్ హోమ్. హర్ మదర్ మేడ్ ఎ బెడ్ ఇన్ ఎ బాక్స్. ద బర్డ్ స్లెప్ట్ ఇన్ ద బాక్స్ ఫర్ త్రీ డేస్. ఆన్ ద ఫోర్త్ డే ఇట్ ఫ్లూ టు ద విండో. ద గర్ల్ ఓపెన్డ్ ద విండో.' ఒక అమ్మాయికి గాయపడిన పిట్ట దొరకడం, ఇంటికి తెచ్చి సాకడం, చివరికి కిటికీ తెరవడం, ఇంతే కథ. దీని కింద సాధారణంగా వచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి. 'వేర్ డిడ్ ద గర్ల్ ఫైండ్ ద బర్డ్?' 'హూ మేడ్ ఎ బెడ్ ఇన్ ఎ బాక్స్?' 'హౌ లాంగ్ డిడ్ ద బర్డ్ స్లీప్ ఇన్ ద బాక్స్?' 'వై డిడ్ ద గర్ల్ ఓపెన్ ద విండో?'

ఈ ప్రశ్నలకు పిల్లలు జవాబు ఎలా రాస్తారో పక్కన కూర్చుని చూసినవారికి తెలుసు. ప్రశ్నలో 'గర్ల్', 'బర్డ్' అనే మాటలు కనబడతాయి. అవే మాటలున్న వాక్యం కోసం వేలు పాఠం మీద పరుగెడుతుంది. దొరకగానే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. జవాబు సరిపోతుంది, ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది. కానీ ఈ పని చెయ్యడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. 1903లో ఆండ్రూ ఇంగ్రహామ్ అనే అమెరికన్ రచయిత దీన్ని నిరూపించే వాక్యం ఒకటి కల్పించాడు. 'ద గోస్టాక్ డిస్టిమ్స్ ద డోషెస్' అనే ఆ వాక్యంలో మూడు ముఖ్యమైన మాటలకూ అర్థమే లేదు. అయినా డోషెస్‌ను డిస్టిమ్ చేసేది ఎవరు అని అడిగితే గోస్టాక్ అని ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. పిల్లల ప్రశ్నోత్తరాల నోటుబుక్కులో సగానికి సగం జవాబులు ఈ కోవకు చెందినవేనని నా అభిప్రాయం. తల్లి గానీ తండ్రి గానీ ఆ నోటుబుక్కును చదివి కంఠస్థం చేస్తే వారికి వచ్చేది కూడా అంతే.

ఎత్తి రాసిన జవాబును గుర్తుపట్టడానికి ఒక గుర్తు ఉంది. 'వేర్ డిడ్ ద గర్ల్ ఫైండ్ ద బర్డ్?' అనే ప్రశ్నకు 'ఎ గర్ల్ ఫౌండ్ ఎ బర్డ్ అండర్ ఎ ట్రీ' అని జవాబు ఉంటే అది పాఠం మొదటి వాక్యానికి నకలు. కథ మొదలయ్యేటప్పుడు ఆ అమ్మాయి, ఆ పిట్ట పాఠకుడికి ఇంకా తెలియదు కాబట్టి పాఠం 'ఎ' వాడింది. ప్రశ్న వేసే సమయానికి ఇద్దరూ తెలిసినవారయ్యారు కాబట్టి ప్రశ్నలో 'ద' వచ్చింది. అందువల్ల ఆలోచించి చెప్పే జవాబు 'ద గర్ల్ ఫౌండ్ ద బర్డ్ అండర్ ఎ ట్రీ' అని ఉంటుంది, లేదా ఇంకా సహజంగా 'షి ఫౌండ్ ఇట్ అండర్ ఎ ట్రీ' అని ఉంటుంది. చెట్టు మాత్రం ప్రశ్నలో రాలేదు, ఇప్పుడే కొత్తగా చెబుతున్నాం కాబట్టి దానికి 'ఎ' అలాగే ఉండిపోతుంది. 'ఎ', 'ద' అనే చిన్న మాటల గురించి వ్యాకరణ పుస్తకాలు ఎన్నో సూత్రాలు చెబుతాయి గానీ, పాఠంలోని మొదటి వాక్యాన్నీ దాని మీది ప్రశ్ననూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో అతి ముఖ్యమైన సూత్రం కంటికి కనబడుతుంది.

ఇప్పుడు క్రియల సంగతి. పై పాఠంలో ఏడు వాక్యాలకు ఏడు క్రియలున్నాయి. వాటిలో 'ఓపెన్డ్' ఒక్కటే చివర 'ఇ-డి' చేర్చి భూతకాలం చేసే మామూలు క్రియ. ఫౌండ్, వాజ్, టుక్, మేడ్, స్లెప్ట్, ఫ్లూ, ఈ ఆరూ సూత్రానికి లొంగనివి. చిన్నపిల్లల కథలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి, ఎందుకంటే ఇంగ్లీషులో ఎక్కువగా వాడే క్రియలే ఎక్కువగా సూత్రం తప్పినవి. పెద్దవాళ్ళు వీటిని పట్టిక రూపంలో, మూడు నిలువు వరుసలుగా వల్లె వేస్తారు. ఆ పట్టిక వల్లె వేసినవారికి పట్టికే వస్తుంది, మాట్లాడేటప్పుడు మాట అందదు. పాఠం చివరి ప్రశ్నలు చేసే పని వేరు. ప్రశ్నలో 'డిడ్' ఉంటే దాని వెంట మూలరూపమైన 'ఫైండ్' ఉంటుంది, జవాబులో 'డిడ్' పోయి 'ఫౌండ్' వస్తుంది. 'స్లీప్' అని అడిగితే 'స్లెప్ట్' అని చెబుతాం. కాలాన్ని చూపించే బాధ్యతను ప్రశ్నలో 'డిడ్' తీసుకుంటుంది కాబట్టి అసలు క్రియకు ఆ బరువు ఉండదు. జవాబులో 'డిడ్' లేదు కాబట్టి ఆ బరువు తిరిగి క్రియ మీదికి వస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ప్రతి ప్రశ్నా దాని జవాబూ కలిసి ఒక క్రియ రెండు రూపాలనూ వాటి వాడుకతో సహా నేర్పుతాయి. పిల్లలు వేలు పెట్టి వెతికి రాసేటప్పుడు సరిగ్గా ఈ మార్పే వారి కన్నుగప్పి పోతుంది, ఎందుకంటే 'ఫౌండ్' పాఠంలో సిద్ధంగా ఉంది, 'ఫైండ్' నుంచి దాన్ని తయారు చెయ్యవలసిన పని వారికి పడలేదు.

ఆ పని పడేలా చెయ్యడమే నేను చెప్పే పద్ధతి. పాఠం బడిలో పూర్తయి, ప్రశ్నోత్తరాలు దిద్దిన తరవాత, వారం చివర ఆ జవాబులను మాత్రం నా సొంత నోటుబుక్కులో రాసుకుంటాను. ప్రశ్నలు రాసుకోను. రెండు రోజులు ఆగి, పుస్తకం మూసి, ఆ జవాబుల్లో ఒక్కొక్క భాగం కింద గీత గీసి, ఆ భాగాన్ని రాబట్టే ప్రశ్న తయారు చేస్తాను. 'ద బర్డ్ స్లెప్ట్ ఇన్ ద బాక్స్ ఫర్ త్రీ డేస్' అనే ఒక్క వాక్యాన్నే తీసుకుందాం. 'ఫర్ త్రీ డేస్' కింద గీత ఉంటే 'హౌ లాంగ్ డిడ్ ద బర్డ్ స్లీప్ ఇన్ ద బాక్స్?' అని అడగాలి. 'ఇన్ ద బాక్స్' కింద ఉంటే 'వేర్ డిడ్ ద బర్డ్ స్లీప్ ఫర్ త్రీ డేస్?' అవుతుంది. 'ద బర్డ్' కింద ఉంటే మాత్రం 'వాట్ స్లెప్ట్ ఇన్ ద బాక్స్ ఫర్ త్రీ డేస్?' అవుతుంది. మూడో ప్రశ్నలో 'డిడ్' రాలేదు, 'స్లెప్ట్' మారలేదు. గీత పడింది కర్త కింద కాబట్టి ప్రశ్న మాట కర్త స్థానంలోనే నేరుగా కూర్చుంది, కదపవలసినది ఏమీ లేకపోయింది. అచ్చులో ఉన్న 'హూ మేడ్ ఎ బెడ్?' కూడా ఈ రకమే. గమనించి చూస్తే ఇంగ్లీషు ప్రశ్నల్లో తెలుగు పద్ధతికి దగ్గరగా నడిచేది ఈ ఒక్క రకమే.

పుస్తకంలో వాక్యానికి ఒక ప్రశ్న చొప్పున కూడా ఉండదు. గీత స్థానం మారుస్తూ పోతే ఒక్క వాక్యం నుంచే మూడు ప్రశ్నలు వచ్చాయి. తయారైన ప్రశ్నలు సరైనవో కావో చూసుకోవడానికి మొదట అచ్చులో ఉన్న ప్రశ్నలే ఆధారం. అచ్చులో లేని వాటికి అదే రకం ప్రశ్న ఒకటి వెతికి పోల్చుకోవాలి. అనుమానం తీరకపోతే మా అమ్మాయిని అడుగుతాను.

ఈ అభ్యాసంలో వచ్చే తప్పులకు ఒక క్రమం ఉంది. అది తెలిసి ఉండడం మంచిది, లేకపోతే ముందుకు వెళ్తున్నామో వెనక్కి వెళ్తున్నామో అర్థం కాదు. మొదట్లో 'వేర్ ద బర్డ్ స్లెప్ట్?' అని వస్తుంది. ప్రశ్న మాట ముందుకు వెళ్ళింది గానీ మిగిలిన వాక్యం కదలలేదు. ఇది తెలుగు ప్రభావమని మనం అనుకుంటాం, కొంత నిజం కూడా కావచ్చు, కానీ వేరే భాషల నుంచి ఇంగ్లీషు నేర్చుకునేవారిలోనూ ఈ దశ ఉంటుందని రెండో భాష నేర్చుకోవడం గురించి పరిశోధించినవారు గుర్తించారు. కాబట్టి ఇందులో మన భాషకు నామోషీ ఏమీ లేదు. తరవాత 'వేర్ డిడ్ ద బర్డ్ స్లెప్ట్?' అని వస్తుంది. వినేవారికి ఇది మొదటిదానికంటే ఘోరంగా వినిపించవచ్చు, కానీ 'డిడ్' తన స్థానంలోకి వచ్చేసింది, ఇక క్రియ కిందికి దిగడమే మిగిలింది. ఆ తరవాత, 'డిడ్' బాగా అలవాటయ్యాక, 'హూ డిడ్ మేక్ ఎ బెడ్?' అని అవసరం లేని చోట కూడా అది చొరబడుతుంది. ఈ మూడో తప్పు చేస్తున్నారంటే సూత్రం లోపలికి దిగిందని అర్థం, దాని హద్దు మాత్రమే ఇంకా తెలియలేదు. ఎవరి నోటుబుక్కులోనైనా రెండో రకం తప్పు కనబడితే నేను దాన్ని కొట్టెయ్యకుండా పక్కన తేదీ వేసి ఉంచమంటాను.

'వాజ్' సంగతి మాత్రం వేరుగా పట్టించుకోవాలి. 'ఇట్స్ వింగ్ వాజ్ హర్ట్' అనే వాక్యానికి అవునో కాదో తేల్చే ప్రశ్న 'వాజ్ ఇట్స్ వింగ్ హర్ట్?' అని ఉంటుంది. ఇక్కడ 'డిడ్' రాకూడదు, 'వాజ్' తానే ముందుకు వెళ్తుంది.

ఇక నాలుగో ప్రశ్న. 'వై డిడ్ ద గర్ల్ ఓపెన్ ద విండో?' అనే దానికి జవాబు పాఠంలో ఎక్కడా లేదు. వేలు పెట్టి వెతికితే దొరకదు. గైడు పుస్తకాల మీద ఆధారపడేది ముఖ్యంగా ఇలాంటి ప్రశ్నల కోసమే. నా దృష్టిలో పాఠం మొత్తంలో ఇదే ఎక్కువ సమయం ఇవ్వవలసిన ప్రశ్న, ఆ సమయం తెలుగులో ఇవ్వాలి. కిటికీ ఎందుకు తెరిచిందని నేను అడిగినప్పుడు మా అమ్మాయి 'పిట్టకి వెళ్ళిపోవాలని ఉంది కదమ్మా, అందుకే కిటికీ దగ్గరికి ఎగిరింది' అంటుంది. 'మరి మొదటి రోజే ఎందుకు తెరవలేదు?' అంటే కాసేపు ఆగి, 'అప్పుడు రెక్క బాగా లేదు, పంపిస్తే పడిపోతుంది' అంటుంది. ఇప్పుడు మా దగ్గర పుస్తకంలో లేని రెండు కారణాలున్నాయి, వాటిని ఇంగ్లీషులో పెట్టడమే మిగిలింది. 'షి ఓపెన్డ్ ద విండో బికాజ్ ద బర్డ్ వాంటెడ్ టు గో.' తెలుగులో కారణం ముందు చెప్పి ఫలితం తరవాత చెబుతాం. ఇంగ్లీషులో ఇలాంటి జవాబుకు ఫలితం ముందు, 'బికాజ్' తరవాత కారణం రావడం మామూలు. తెలుగు వరుసను పట్టుకుని 'బికాజ్' తో మొదలుపెట్టినవారు చాలామంది మధ్యలో 'సో' కూడా చేరుస్తారు. రెండిటిలో ఒకటే ఉండాలి.

ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడండి, మీకూ వస్తుంది, వారికీ వస్తుంది అని సలహా ఇచ్చేవారితో నేను విభేదించేది ఇక్కడే. నాకున్న కొద్దిపాటి ఇంగ్లీషుతో ఆ చర్చ చేసి ఉంటే 'మొదటి రోజే ఎందుకు తెరవలేదు' అనే ప్రశ్న నా నోటికి వచ్చేది కాదు, రెక్క సంగతి అమ్మాయికి తట్టేది కాదు. ఇద్దరం చెప్పగలిగినంత మేరకే ఆలోచించి ఊరుకునేవాళ్ళం. ఆలోచన తెలుగులో పూర్తిగా సాగనిచ్చి, తేలిన విషయాన్ని ఒక్క ఇంగ్లీషు వాక్యంలో పెట్టడానికి ఇద్దరూ కష్టపడటం నా లెక్కలో ఎక్కువ ఫలితమిచ్చే పని. పైగా తల్లిదండ్రులు తమకు సరిగ్గా రాని భాషలో రోజంతా మాట్లాడితే పిల్లలు వినేది ఆ తప్పుల భాషనే.

తప్పులు పిల్లలకు అంటుకుంటాయన్న భయం ఈ పద్ధతి మీద కూడా వెయ్యదగినదే. అందుకే కొన్ని హద్దులు పెట్టుకోవాలి. పిల్లల హోంవర్కు పిల్లలదే, అది ముందుగా పూర్తి కావాలి, నా నేర్చుకోవడం కోసం అది ఆగకూడదు. వారి నోటుబుక్కులో నేను ఒక్క అక్షరం కూడా రాయకూడదు. దిద్దని పాఠాన్ని నేను ముట్టుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ఈ రాత్రి పాఠం పట్టుకుంటే నేను నేర్చుకునేదాన్ని కాకుండా తప్పో ఒప్పో నేర్పేదాన్ని అయిపోతాను. పాత పాఠంలో ఆ ప్రమాదం లేదు. అక్కడ అమ్మాయికి నాకంటే ఎక్కువ తెలుసు, ఉపాధ్యాయులు దిద్దిన జవాబు ముందుంది, పరీక్షించేది ఆమె, జవాబు చెప్పేది నేను. అయితే ఎర్ర టిక్కు పడినంత మాత్రాన జవాబులో ప్రతి అక్షరమూ సరైనదని అనుకోకూడదు. ఎన్నో నోటుబుక్కులు దిద్దవలసిన ఉపాధ్యాయులు విషయం ఉందా లేదా అనే ముందు చూస్తారు. 'ఎ గర్ల్ ఫౌండ్ ఎ బర్డ్' కు కూడా టిక్కు పడుతుంది.

ఉచ్చారణ విషయంలో నేర్పే పాత్ర పూర్తిగా అమ్మాయిదే. రాసినట్టు చదవడం తెలుగు వల్ల మనకు వచ్చిన అలవాటు. 'ఓపెన్డ్' అనే మాటను 'ఓపెనెడ్' అని ఒక అక్షరం ఎక్కువగా పలికేది అందుకే. చివరి 'ఇ-డి' విడిగా 'ఇడ్' అని పలకవలసింది దాని ముందు 'ట' గానీ 'డ' గానీ ధ్వనించినప్పుడే, 'వాంటెడ్' లో లాగా. మిగిలిన చోట్ల అది 'డ్' గానో, 'వాక్ట్' లో లాగా 'ట్' గానో ముందు మాటకు అంటుకుపోతుంది. పాఠం మొదట అమ్మాయి పైకి చదువుతుంది, నేను వరుస మీద వేలు పెట్టి వింటాను, తరవాత నేను చదువుతాను, ఆమె ఆపుతుంది. ఇద్దరికీ అనుమానం వచ్చిన మాటను పలికి వినిపించే నిఘంటువులో వింటాం.

పిల్లలు తప్పును పట్టుకుంటారు గానీ కారణం చెప్పలేరు. 'అలా అనరమ్మా' అంటుంది మా అమ్మాయి, ఎందుకు అనరంటే 'ఏమో, అనరు' అంటుంది. ఆ 'ఎందుకు' ను వెతుక్కోవలసింది పెద్దవాళ్ళే, అందులో పెద్దవాళ్ళకు ఒక అనుకూలత కూడా ఉంది. 1978లో కేథరిన్ స్నో, మరియన్ హోఫ్నాగెల్-హోలె అనే ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌లో డచ్ భాష నేర్చుకుంటున్న ఇంగ్లీషు భాషీయుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రకటించారు. తొలి నెలల్లో చిన్నపిల్లల కంటే కౌమారంలో ఉన్నవారూ పెద్దవాళ్ళూ వేగంగా ముందుకు వెళ్ళారని అందులో తేలింది. పిల్లలు వెనక నుంచి వచ్చి అందుకుంటారన్నది వేరే విషయం. రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఏది మారిందో చూడగలగడం పెద్దవాళ్ళకు పిల్లల కంటే తేలిక. నేను చెబుతున్న పద్ధతి మొత్తం ఆ శక్తి మీదే ఆధారపడి ఉంది.

ఏ తరగతి పుస్తకం పట్టుకోవాలన్నది చాలామంది ఆలోచించని విషయం. అమ్మాయి ఐదో తరగతిలో ఉంటే ఐదో తరగతి పుస్తకమే తనకూ సరైనదని తల్లి అనుకుంటుంది. మార్సెల్లా హూ, పాల్ నేషన్ 2000లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఒక కథను ఇతరుల సాయం లేకుండా తగినంతగా అర్థం చేసుకోవడానికి అందులోని మాటల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలి. అంటే యాభై మాటలకు ఒక్క కొత్త మాట. మనకు పిల్లల సాయం ఉంది కాబట్టి కొంత సడలించవచ్చు. పాఠం నుంచి వరుసగా వంద మాటలు లెక్కపెట్టి, తెలియనివి అయిదుకు మించితే నేను కింది తరగతి పుస్తకానికి దిగుతాను. ప్రశ్న తయారు చేసేటప్పుడు మనసంతా మాటల వరుస మీద ఉండాలి, మాటల అర్థం మీద కాదు. అందుకే పై తరగతికి వెళ్ళగానే పాత పుస్తకాలను, ముఖ్యంగా దిద్దిన నోటుబుక్కులను ఎవరికీ ఇచ్చెయ్యకూడదని నేను గట్టిగా చెబుతాను. అమ్మాయి ఆరులో ఉన్నప్పుడు అమ్మ మూడో తరగతి పుస్తకంతో ఉండవచ్చు, పక్కపక్కన కూర్చోవడానికి అది అడ్డం కాదు.

ఈ పుస్తకాలు ఇవ్వలేనివి కూడా ఉన్నాయి. కథలన్నీ జరిగిపోయిన విషయాలు, అందులో మనుషులందరూ 'షి', 'హి', 'దే'. రోజూ జరిగేవాటి గురించి, ఎదుటి మనిషినే అడిగే ప్రశ్నలు తక్కువ. ఈ లోటును పాఠంతోనే కొంత పూడ్చవచ్చు. అదే వాక్యానికి ముందు 'ఎవ్రీ డే' చేర్చి తిరగరాస్తే 'ద బర్డ్ స్లీప్స్ ఇన్ ద బాక్స్' అవుతుంది, ప్రశ్న 'వేర్ డజ్ ద బర్డ్ స్లీప్?' అవుతుంది. 'స్లీప్స్' చివరి 'ఎస్' ప్రశ్నలో 'డజ్' లోకి వెళ్ళిపోయింది, భూతకాలాన్ని 'డిడ్' తీసుకున్నట్టే. 'డిడ్' దగ్గర అర్థమైన విషయం ఇక్కడ మళ్ళీ నేర్చుకోనక్కరలేదు. ఆ తరవాత కర్తను 'యూ' గా మార్చి, 'వేర్ డిడ్ యూ ఫైండ్ ఇట్?', 'వాట్ డిడ్ యూ మేక్?' అని అమ్మాయి బడి గురించి నిజంగా అడగవచ్చు. ఆమె 'ఇన్ ద గార్డెన్' అని రెండు మూడు మాటల్లో జవాబిస్తే పూర్తి వాక్యం చెప్పమని నేను బలవంతం చెయ్యను. పూర్తి వాక్యంలో రాయమనడం నోటుబుక్కు నియమం, అది అభ్యాసానికి మంచిదే. కానీ ఇంగ్లీషు మాట్లాడేవారు సంభాషణలో ప్రశ్నను మళ్ళీ జవాబులో వల్లించరు. 'డిడ్ యూ ఫినిష్?' అంటే 'యెస్, ఐ డిడ్' అని ఊరుకుంటారు. మర్యాదగా సాయం కోరడం, ఫోనులో మాట్లాడటం, దరఖాస్తు నింపడం లాంటివి ఈ పాఠాల్లో అరుదు, వాటికోసం వేరే చోటికి వెళ్ళవలసిందే.

తరగతులు పెరిగేకొద్దీ ప్రశ్నల స్వభావం కూడా మారుతుంది. 'డిస్క్రైబ్', 'ఎక్స్‌ప్లెయిన్', 'డిస్కస్' అని ఆజ్ఞలతో మొదలయ్యే ప్రశ్నలు ఎక్కువవుతాయి, వాటిలో 'డిడ్' ఉండదు, జవాబు ఒక వాక్యం కాదు, ఒక పేరా. అచ్చులోని ప్రశ్నలతో సరిచూసుకునే వీలు అక్కడితో తగ్గిపోతుంది. ఆ స్థాయికి వచ్చినవారు పాఠంలో ఒక పేరా తీసుకుని, వాక్యాల కింద తామే గీతలు గీసుకుని, ప్రశ్నలు తామే రాసి పిల్లలకు ఇవ్వాలి. పుస్తకం చూడకుండా పిల్లలు చెప్పిన జవాబు గీత గీసిన భాగంతో సరిపోతే ప్రశ్న సరిగ్గా కుదిరిందన్నమాట. వేరే ఏదో జవాబు వస్తే ముందుగా చూడవలసింది మనం రాసిన ప్రశ్ననే.